తడిసిన సీసా
(బోథ్‌లో ఉపాధ్యాయ మిత్రుల సమావేశంలో చేసిన స్మారకోపన్యాసం)



సారు గురించి రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన మంచితనం గురించి ఈ గదిలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు. అందుకని ఆయన చేసిన ఒక్క పని గురించే మాట్లాడతాను. ఒక చిన్న బడిలో, ఒక్క గదిలో, నాలుగు మూలల్లో ఆయన పెట్టిన నాలుగు సైన్సు బల్లల గురించి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. అప్పుడు మా బడిలో ఆరు, ఏడు తరగతులు కలిపి పంతొమ్మిది మంది పిల్లలు. భూతద్దం ఒకటి, ఉష్ణమాపకం ఒకటి, గోడ గడియారం ఒకటి. ప్రయోగశాల అని పేరుకు ఉన్నవి ఇవే.

ఒక ఇనుప పెట్టె కూడా ఉండేది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు గుర్తున్నవాళ్ళకు ఇలాంటి పెట్టెలు కూడా గుర్తుంటాయి. ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలన్నది ఆ పథకం. సామగ్రి వచ్చిన చోట చాలావరకు పెట్టెలోనే ఉండిపోయింది. పగిలితే స్టాకు రిజిస్టరులో ఎవరు రాయాలి, ఎవరు కట్టాలి అన్న భయంతో తాళం వేసేవాళ్ళం. నేనూ వేశాను. సారు చేసిన మొదటి పని పగిలినా బెంగలేని వస్తువులతో పాఠం మొదలుపెట్టడం. తాగి పడేసిన నీళ్ళ సీసాలు, స్టీలు గ్లాసులు, పాత పంచె గుడ్డ, చెక్క స్కేలు, సైకిలు ట్యూబు ముక్కలు. ఇవన్నీ ఇంటి నుంచో, బోథ్ అంగడి నుంచో వచ్చేవి.

ఈ దారి ఆయన కనిపెట్టింది కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు పదహారు మాధ్యమిక బడుల్లో ఇలాంటి పని మొదలుపెట్టాయి. తర్వాత 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు తీసుకుపోయింది. అక్కడ పిల్లలు నలుగురు నలుగురుగా కూర్చొని ప్రయోగం చేసేవాళ్ళు. చేసినదాన్నిబట్టే పాఠం నడిచేది. అరవింద్ గుప్తా 1978లో టెల్కో ఉద్యోగానికి సెలవు పెట్టి అక్కడికి వెళ్ళి, సైకిలు వాల్వు ట్యూబు ముక్కల్లో అగ్గిపుల్లలు గుచ్చి బొమ్మలు కట్టడం మొదలుపెట్టాడు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. సారు దగ్గర దాని పాత పుస్తకాలు రెండు మూడు ఉండేవి. హిందీలో ఉన్నవి. ఆయనకు ఉర్దూ, మరాఠీ వచ్చు కాబట్టి చదువుకున్నాడు.

హోశంగాబాద్ పద్ధతిలో ప్రతి బృందానికీ దాని సామాను దానికి ఉండేది. మాకు అన్నీ ఒక్కొక్కటే. అందుకే బల్లలు పెట్టాల్సి వచ్చింది. సారు పెట్టిన నియమం ఒకటే: “వస్తువు కదలొద్దు, పిల్లలు కదలాలె.” భూతద్దం చేతులు మారుతుంటే పీరియడంతా దాని వెనకే పోతుంది. దాన్ని ఒక బల్లకు దారంతో కట్టేసి పిల్లలనే అక్కడికి పంపితే ఆ గొడవ తీరుతుంది. ఇది చెప్పినంత సులువుగా జరగలేదు. మొదటి వారం రెండు బల్లలకు ఒకే కొలత గ్లాసు కావలసి వచ్చింది. ఒక బల్ల దగ్గర పిల్లలు గ్లాసు కోసం ఖాళీగా నిలబడ్డారు. అప్పటినుంచి సారు ముందురోజు సాయంత్రం ఒక కాగితం మీద గీత గీసి, కరువు వస్తువు ఏదైనా రెండు బల్లల కింద కనపడితే ఒక బల్లను మార్చేసేవాడు. గడియారం ఒక్కటే దీనికి మినహాయింపు. అది గోడకు ఉంటుంది, అందరికీ కనపడుతుంది.

కాలం లెక్క కూడా చెబుతాను, ఇది ఎవరైనా వాడుకోవచ్చు. నలభై ఐదు నిమిషాల పీరియడ్లు రెండు కలిపి తొంభై నిమిషాలు. నాలుగు బల్లలు, ఒక్కో బల్ల దగ్గర పద్దెనిమిది నిమిషాలు. అంటే డెబ్బై రెండు. మారడానికి మూడు సార్లు మూడేసి నిమిషాలు, తొమ్మిది. మిగిలిన తొమ్మిది నిమిషాలు నల్లబల్ల ముందు అందరూ కలిసి కూర్చోవడానికి. పద్దెనిమిదికి మించే పని పెట్టకూడదు, పదిలో అయిపోయే పనీ పెట్టకూడదు. ముందు ముగించిన బృందం పక్క బల్ల మీద పడుతుంది. పిల్లలను మూడు ఐదుగురి బృందాలు, ఒక నలుగురి బృందంగా చేశాం. పోసేవాళ్ళు, గడియారం చూసేవాళ్ళు, కొలిచేవాళ్ళు, రాసేవాళ్ళు అని పనులు పంచి, బల్ల మారినప్పుడల్లా పని కూడా మార్చేవాళ్ళం. లేకపోతే బలమున్న పిల్లవాడి చేతిలోనే భూతద్దం ఉంటుంది, చక్కని రాత ఉన్న ఆడపిల్ల నాలుగు బల్లల దగ్గరా రాస్తూనే ఉంటుంది.

ఒకటో బల్ల తక్కెడ. ముప్పై సెంటీమీటర్ల చెక్క స్కేలుకు పదిహేనో గీత దగ్గర, పై అంచుకు దగ్గరగా ఒక రంధ్రం. అందులో మేకు. రెండు చివర్లా డబ్బా మూతలు. రంధ్రం నడిమధ్యన కాకుండా పైకి ఎందుకు ఉండాలో, కింద పెట్టి చూస్తే పిల్లలకే తెలిసింది. స్కేలు తలకిందులైపోతుంది. తూకానికి రాళ్ళు లేవు. మేం నాణేలు వాడాం, ఆ నాణేలే మమ్మల్ని ఒక రోజంతా తిప్పలు పెట్టాయి. 2011లో వచ్చిన రూపాయి బిళ్ళ బరువు 3.79 గ్రాములు. అంతకు ముందు చాలాకాలం నడిచిన పెద్ద స్టీలు రూపాయి 4.85 గ్రాములు. రెండు రకాల రూపాయిలూ ఒకే డబ్బాలో కలిసిపోయి, ఒక బృందానికి ఒక రాయి ఆరు రూపాయల బరువు, ఇంకో బృందానికి అదే రాయి ఎనిమిది రూపాయల బరువు తూగింది. సారు నాణేలు తీసేసి, సూది లేని పది మిల్లీలీటర్ల సిరంజి పెట్టాడు. పది మిల్లీలీటర్ల నీళ్ళు పది గ్రాములు. మూతలో నీళ్ళు పోసుకుంటూ పోతే తూకం తేలుతుంది. తక్కెడ సరిగ్గా ఉందా లేదా అన్నదానికి ఒకటే పరీక్ష: రెండు వైపులా ఉన్నవాటిని అటూ ఇటూ మార్చి పెట్టాలి. అప్పుడూ సమంగా నిలిస్తే తక్కెడ మంచిది. ఒకవైపు వాలితే స్కేలు చేతులు సమంగా లేవన్నమాట.

రెండో బల్ల నీటిబొట్టు అద్దం. అచ్చు కాగితం మీద పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క, దాని మీద ఒక బొట్టు. పెద్ద బొట్టు పెడితే అక్షరం పెద్దగా కనపడుతుందని అందరూ అనుకుంటారు. చిన్న బొట్టే ఎక్కువ ఉబ్బి ఉంటుంది కాబట్టి అదే ఎక్కువ పెద్దది చేస్తుంది. కాకపోతే ఒక్క అక్షరమే కనపడుతుంది. ఫ్యూజు పోయిన బల్బులో నీళ్ళు నింపి భూతద్దంగా వాడడం చాలామందికి తెలుసు. మేమూ చేసి మానేశాం. గాజు పగలడం ఒక భయం. దానికంటే పెద్ద భయం, నీళ్ళు నింపిన బల్బు కిటికీలో ఎండకు ఉండిపోతే వెలుగును ఒక్కచోటికి చేరుస్తుంది. పత్తి ఏరే కాలంలో ఈ ఊళ్ళల్లో ఇంటింటా దూది కుప్పలుంటాయి. పిల్లలు దాన్ని ఇంటికి తీసుకుపోతారు. ఆ సంగతి తలచుకున్నాక మళ్ళీ ఆ బల్బు జోలికి పోలేదు.

మూడో బల్ల దగ్గర ఉష్ణమాపకం. ముందు ఊరికే గాలిలో చూసి రాసుకోవాలి, తర్వాత దాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, విసురుతూ మూడు నాలుగు నిమిషాలకు మళ్ళీ చూడాలి. దిగుతుంది. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, గుడ్డను కుండ నీళ్ళలో ముంచితే. కుండ నీళ్ళు ముందే చల్లగా ఉంటాయి. పాదరసం దిగింది ఆవిరి వల్లనో, కుండ చల్లదనం వల్లనో చెప్పలేం. అందుకని నీళ్ళ మగ్గును పొద్దున్నే ఆ బల్ల మీదే పెట్టి గది వేడికి రానివ్వాలి. పాదరసం అన్నాను గానీ, మాకున్నది ఎర్ర ఆల్కహాలు ఉష్ణమాపకం. పిల్లల చేతికి పాదరసం ఇవ్వకూడదు.

ఇక నాలుగో బల్ల. నేను ఈ రోజు అసలు చెప్పదలచుకున్నది దాని గురించే.

లీటరు నీళ్ళ సీసా అడుగు కోసేసి, మూతి కిందికి వచ్చేలా తలకిందులు చేసి, మూతికి రెండు మడతల పంచె గుడ్డ రబ్బరు బ్యాండుతో బిగించాలి. దానిలో నాలుగు వేళ్ళ ఎత్తు మన్ను. కింద స్టీలు గ్లాసు. పైనుంచి ఒక గ్లాసు, అంటే రెండు వందల మిల్లీలీటర్ల నీళ్ళు. మొదటి చుక్క ఎప్పుడు పడింది, పది నిమిషాలకు కింద ఎంత చేరింది అని రెండే రాయాలి. మూడు సీసాలు పెట్టాం. ఒకదానిలో వాగు ఇసుక, ఒకదానిలో చెలక మన్ను, ఒకదానిలో పత్తి చేను రేగడి. పుస్తకంలో ఏముంటుందో మనకందరికీ తెలుసు. ఇసుకలో నీళ్ళు వేగంగా దిగుతాయి, బంకమన్నులో మెల్లగా దిగుతాయి. సారు కూడా అదే వస్తుందనుకున్నాడు.

మొదటి బృందం రేగడి సీసా కింద సగం గ్లాసుకు పైనే నీళ్ళు పట్టింది. మొదటి చుక్క లెక్కపెట్టేలోపే పడింది. రెండో బృందానికి అదే సీసాలో పావు గ్లాసు వచ్చింది. మూడో బృందానికి గ్లాసు అడుగు తడిసింది. నాలుగో బృందం పోసిన నీళ్ళు పైనే నిలబడి, మబ్బు పట్టిన ముఖంలా చూస్తుండిపోయాయి. నల్లబల్ల దగ్గర ఆ తొమ్మిది నిమిషాలూ పెద్ద తగువు అయింది. నాలుగో బృందం పుస్తకం తెరిచి, “మాదే కరెక్టు, వాళ్ళు తప్పు పోసిండ్రు” అంది. మొదటి బృందంలో ఒక పిల్లవాడు ఏడుపు ముఖం పెట్టాడు. నేనైతే మొదటి అంకె చెరిపేసేవాణ్ణి. సుద్ద చేతిలోకి తీసుకున్నాను కూడా. సారు వద్దన్నాడు.

ఆ సమయంలో మధ్యాహ్న భోజనం వండే అక్క గిన్నెలు తీసుకుపోతూ గుమ్మంలో ఆగింది. సీసా చూసి అన్నది: “గడ్డలు గడ్డలు పోసిండ్రు గద సారూ. మిరుగు వాన గట్లనే నెర్రెలల్ల వడి కిందికి వోతది. నాలుగు వానలు వడ్డంక చేన్ల నీళ్ళు నిలుస్తయి.”

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎండిన రేగడి గడ్డల మధ్య సందులుంటాయి. నీళ్ళు మన్నులో ఇంకవు, సందుల్లోంచి జారిపోతాయి. రేగడిలో ఉండే స్మెక్టైట్ జాతి బంకమన్ను తడిసిన కొద్దీ ఉబ్బుతుంది. ఉబ్బి సందులు మూసుకుంటాయి. అప్పుడు మాత్రమే పుస్తకంలో ఉన్న బంకమన్ను మన ముందుకు వస్తుంది. అంటే నాలుగు బృందాల అంకెలూ నిజమైనవే. ఒక్కో బృందం రేగడిని ఒక్కో వాన తర్వాత చూసింది, అంతే.

మేం అప్పటిదాకా ఆలోచించని విషయం అక్కడ బయటపడింది. ఒకే సామానును నాలుగు బృందాలు పంచుకున్నప్పుడు, రెండో బృందం కూర్చునే బల్ల మొదటి బృందం కూర్చున్న బల్ల కాదు. తక్కెడ బల్ల ప్రతిసారీ మొదటికి వస్తుంది, మూతలు ఖాళీ చేస్తే చాలు. నీటిబొట్టు తుడిచి కొత్తది పెట్టుకోవచ్చు. మన్ను సీసా మాత్రం ముందు వచ్చినవాళ్ళు చేసిందంతా తనలో దాచుకుంటుంది. ఉష్ణమాపకం కూడా కొంతవరకు అంతే. తడిగుడ్డ తీసిన వెంటనే తర్వాతి బృందం పొడి కొలత తీసుకుంటే తక్కువ చూపిస్తుంది, బుడ్డి తుడిచి రెండు మూడు నిమిషాలు ఆగాలి. బల్లలు పెట్టే ప్రతి టీచరూ ముందే అడుక్కోవాల్సిన ప్రశ్న ఇది: ఏ బల్ల మొదటికి వస్తుంది, ఏది రాదు? రాని బల్లకు రెండే దారులున్నాయి. ప్రతి బృందానికీ కొత్త సామాను ఇవ్వాలి. మూడు రకాల మన్నుకు నాలుగేసి చొప్పున పన్నెండు సీసాలు, పన్నెండు గ్లాసులు. మాకు అన్ని గ్లాసులు లేవు. లేదా వరసనే పాఠం చేసుకోవాలి.

సారు రెండో దారి పట్టాడు. మరుసటి వారం గోడకు పాత క్యాలెండరు వెనక్కి తిప్పి అంటించాడు. అడుగున ఒకటో వాన, రెండో వాన, మూడో వాన, నాలుగో వాన. నిలువుగా గ్లాసు గీతలు. ప్రతి బృందం తన వంతు అవగానే మూడు చుక్కలు పెట్టి పోవాలి, ఇసుకకు ఒక రంగు, చెలకకు ఒక రంగు, రేగడికి ఒక రంగు. పోసే ముందు పైన నిలిచిన నీళ్ళు వంచేయాలన్న నియమం కూడా పెట్టాం. లేకపోతే పైన నీటి ఎత్తు పెరిగి, దాని బరువుకు ఎక్కువ దిగుతుంది, లెక్క చెడుతుంది. పీరియడు ముగిసేసరికి చుక్కలు కలిపితే రేగడి గీత కిందికి దిగింది. ఇసుక గీత మొదటి వాన దగ్గర కొంచెం తక్కువగా ఉండి, రెండో వాన నుంచి దాదాపు గ్లాసు నిండా నిలిచింది. పొడి ఇసుక మొదటిసారి తన గింజలు తడుపుకోవడానికి కొన్ని నీళ్ళు ఉంచుకుంటుంది, ఆ తర్వాత పోసినదంతా వదిలేస్తుంది. ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతోంది. చెలక మధ్యలో నడిచింది. ఏ ఒక్క బృందమూ ఒంటరిగా ఈ బొమ్మ గీయలేకపోయేది. పంతొమ్మిది మందీ కలిస్తేనే వచ్చింది.

పొడి చేసిన రేగడితోనూ చేశాం. రోకలితో దంచి, జల్లెడ పట్టి, సీసాను నేల మీద నాలుగు సార్లు తట్టి సర్దితే, మొదటి గ్లాసు నుంచే నీళ్ళు మెల్లగా దిగాయి. పుస్తకం ఫలితం కావాలంటే మన్ను దంచాలి, చేను ఫలితం కావాలంటే గడ్డలుగా పోయాలి. ఏది పోశామో రాయకపోతే రెండూ పనికిరావు.

బల్లల పద్ధతికి హద్దులున్నాయి, అవీ చెప్పాలి. ఒక్క టీచరు ఒకేసారి నాలుగు చోట్ల ఉండలేడు. నేనూ సారూ ఇద్దరం ఉన్నాం కాబట్టి నడిచింది. ఒక్కరే ఉంటే రెండు బల్లలు చాలు, మిగతా పిల్లలు అప్పటికే చేసినదాన్ని బొమ్మ గీస్తారు. మంట, ఆమ్లం ఉన్న ఏ పనీ బల్ల మీద వదలకూడదు, అవి టీచరు ముందే జరగాలి. బల్ల కార్డుల మీద మేం మొదట పది వాక్యాలు రాశాం. మా పిల్లల్లో ఇంట్లో గోండి మాట్లాడేవాళ్ళున్నారు, లంబాడీ, మరాఠీ మాట్లాడేవాళ్ళున్నారు. కార్డు చదవడంలోనే ఆరేడు నిమిషాలు పోయేవి. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్ళు పల్లె బడుల్లో రకరకాల తరగతుల పిల్లలను ఒకే గదిలో బొమ్మ గుర్తుల కార్డులతో నడిపిస్తారని సారుకు తెలుసు. ఆ ఆలోచనతో కార్డు మీద నాలుగు బొమ్మలు, ఒక్క ప్రశ్న మిగిల్చాం. ఆ ప్రశ్న గురించి ఏ భాషలో మాట్లాడుకున్నా అభ్యంతరం లేదు, గోడ మీద చుక్క పెడితే చాలు.

చివరిగా ఆ రేగడి సీసా సంగతి. జనవరిలో చేసిన పాఠం అది. ఒక ఏడో తరగతి అమ్మాయి, సీసాను ఎండబెడితే మళ్ళీ నెర్రెలు వస్తాయా అని అడిగింది. సారు దాన్ని కిటికీలో పెట్టి, దాని మీద తేదీ రాశాడు. ఎండాకాలం సెలవుల్లో ఎవరూ ముట్టుకోలేదు. జూన్‌లో బడి తెరిచినప్పుడు చూస్తే మన్ను ముడుచుకుపోయి, మధ్యలో నెర్రెలు బాసి ఉంది. ఆ అమ్మాయి అప్పటికి హైస్కూలుకు పోయింది, అయినా సంగతి విని ఆ సాయంత్రం వచ్చింది. గ్లాసు నీళ్ళు పోసింది. బుడబుడమని కిందికి పోయాయి. సారు ముఖం వెలిగిపోయింది. ఆమె మాత్రం సీసాను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, “నెర్రెలల్లంచి పోలే సారూ” అంది. ఇంకో గ్లాసులో కొంచెం పెన్ను సిరా కలిపి పోసింది. నీలం గీత ఒకటి సీసా గోడ వెంట జారింది. మన్ను ముడుచుకున్నప్పుడు ప్లాస్టిక్ గోడను వదిలేసి సందు ఇచ్చింది, నీళ్ళలో ఎక్కువ భాగం అక్కడినుంచే పోతున్నాయి.

జనవరిలో మొదటి బృందానికి వచ్చిన సగం గ్లాసులో ఎంత గడ్డల మధ్యనుంచి, ఎంత గోడ వెంట వచ్చిందో ఇక తేల్చలేం. సారు ఆ క్యాలెండరు కాగితం తీసి, రేగడి గీత మొదటి చుక్క పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టాడు. తర్వాత పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి రెండు వైపులా మూతలు కోసేయించి, సిరాబుడ్డి ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. వానలు ఇంకా పడలేదు. ముగ్గురం వాళ్ళ పత్తి చేనికి నడిచాం. డబ్బాను నెర్రె మీద మూడు వేళ్ళ లోతు దించి, గోడ పక్క సందు లేకుండా తడిమట్టితో మెత్తి, ఆమె నీలం నీళ్ళు పోసింది. డబ్బా ఖాళీ అయ్యాక సారు పార తీసుకుని, నేల మీద మోకాళ్ళు ఆనించి, ఆ నీలం ఎంత లోతుకు పోయిందో చూడడానికి తవ్వడం మొదలుపెట్టాడు.